లెవెలమ్మకో తలుపు

మా వదినకు అందరిలాగే ఒక పేరుంది గానీ ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. కట్టుబడి పనుల్లో ఆమెను అందరూ లెవెలమ్మ అనేవాళ్ళు. మా అన్నయ్య మేస్త్రి. వదిన అతని దగ్గరే టైల్స్ పరిచేది. మిగతావాళ్ళు నీళ్ళ పైపు పట్టి మట్టం చూసేలోపే ఆమె గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి, "ఆ మూల పావంగుళం లేచింది మేస్త్రీ, పీకించు" అనేది. అన్నయ్య నమ్మకుండా పైపు పెట్టి చూసేవాడు. సరిగ్గా పావంగుళమే! అప్పుడు మా అన్నయ్య ముఖం చూడాలి, మొగుడిగా మురిసిపోవాలో మేస్త్రిగా ముడుచుకోవాలో తెలియక నానా అవస్థ పడేవాడు.

వరస తిన్నగా వచ్చిందో లేదో చూడటానికి వెనక్కి వెనక్కి నడవడం వదిన అలవాటు. చూపు టైల్స్ మీదే ఉండేది, వెనకేముందో పట్టేది కాదు. ఒక కొత్త ఇంట్లో మెట్ల మలుపు దగ్గర అలాగే వెనక్కి నడిచింది. అక్కడింకా పిట్టగోడ లేవలేదు. కింద కంకర కుప్ప మీద పడింది.

నడుము కింద కదలిక గానీ స్పర్శ గానీ మిగల్లేదు. మొదట్లో ఆసుపత్రిలో ఎవరో డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటను మా అన్నయ్య గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత ఎవరెన్ని చెప్పినా అతని చెవికెక్కలేదు. "చూద్దామన్నారుగా! నాలుగు నెలలు ఓపిక పడితే లేచి తిరుగుతుంది" అనేవాడు. వదిన ఏమీ అనేది కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేను వాళ్ళతోనే ఉంటాను. స్కూల్లో ఆయాను, పిల్లల చేత మాట వినిపించడం నా ఉద్యోగం. మా అన్నయ్య చేత వినిపించడం మాత్రం నా తరం కాలేదు.

ఆమెను చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చిన రోజు మొదటి దెబ్బ తగిలింది. ఆ ఇల్లు అన్నయ్య స్వయంగా కట్టుకున్నది. ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందే లెక్క వేశాడు. "కుర్చీ రెండు చక్రాల అంచులూ కలిపి ఇరవై అయిదంగుళాలు. మన పడకగది గుమ్మం ముప్ఫై మూడు, బాత్రూమ్ గుమ్మం ముప్ఫై. ఎక్కడికైనా పోతుంది, బెంగపడకు" అన్నాడు. తీరా కుర్చీని తోసుకెళ్తే బాత్రూమ్ గుమ్మానికి రెండు చక్రాలూ కొట్టుకుని ఆగిపోయాయి. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి తోయబోతుంటే వదిన చేయి అడ్డం పెట్టింది.

"మేస్త్రీ, నువ్వు చెప్పింది చెక్కతో కలిపి కొలత" అంది మెల్లగా.

మేస్త్రీలు గుమ్మం కొలత అలాగే చెబుతారట, ద్వారబంధం చెక్కతో కలిపి. అటు రెండున్నర, ఇటు రెండున్నర చెక్కకు పోతే మిగిలేది ఇరవై అయిదు. తలుపు తెరిచి నిలబెడితే దాని మందం ఇంకో అంగుళం పైచిలుకు తినేస్తుంది. ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళకు గుమ్మాలు నిలబెట్టాడో, తలుపు తెరిచాక మిగిలే ఖాళీ ఎంతో కొలవాల్సిన అవసరం మా అన్నయ్యకు ఒక్కసారి కూడా రాలేదు. మనుషులు పక్కకు తిరిగి దూరిపోతారు మరి! పడకగది గుమ్మంలో కుర్చీ పట్టింది గానీ, చక్రం తిప్పే చేతికి చోటు చాలక వదిన వేళ్ళ కణుపులు చెక్కకు గీసుకుపోయి రక్తం వచ్చింది.

"ఎన్నాళ్ళులే, నేను ఎత్తుకెళ్తా" అన్నాడు అన్నయ్య.

పొద్దున పనికి పోయే ముందు ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టేవాడు, సాయంత్రం వచ్చాక మళ్ళీ. మధ్యలో ఏం చెయ్యాలి? ఆ దెబ్బ తగిలినవాళ్ళకు ఒంటేలు దానంతటది రాదు. సన్నటి గొట్టం పెట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు తామే తీసుకోవాలి. ఆసుపత్రిలో నర్సు దగ్గరుండి నేర్పింది, వదిన శుభ్రంగా నేర్చుకుంది కూడా. కానీ ఆ పని చేసుకోవడానికి ఒక తలుపు కావాలి కదా! పడకగదిలో మంచం మీద, కర్టెన్ వెనక చేసుకునేది. పక్కింటావిడ పలకరించడానికి వచ్చేది, అన్నయ్య కింద పనిచేసేవాళ్ళు సామాను కోసం వచ్చేవాళ్ళు. అడుగుల చప్పుడు వినబడితే చాలు, వదిన గొట్టం దుప్పటి కింద దాచేసేది.

ఇక వాకిలి సంగతి. వానాకాలం వీధి నీళ్ళు లోపలికి రాకుండా ఇంటిని అడుగున్నర ఎత్తులో కట్టాడు. వసారా నుంచి గేటుకు తొమ్మిదడుగుల చోటు. ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలంటే వసారా మెట్లు దిగాలి. అన్నయ్య ఒక ఆదివారం కూర్చుని ర్యాంపు వేశాడు, పొడవు ఆరడుగులు. స్కూటర్లు ఎక్కించుకోవడానికి ఇళ్ళ ముందు వేస్తారే, అచ్చం అలాంటిదే. చేతికి అలవాటైన పని. నున్నగా తాపీ తోసి, అడ్డంగా గీతలు కూడా గీసి, "చూశావా లెవెలమ్మా!" అన్నాడు. వదిన వసారాలో కుర్చీలోంచి ఒక కన్ను మూసి చూసింది. తర్వాత రెండు కళ్ళూ తెరిచి, "బాగుంది" అంది.

అన్నయ్య కండలు తిరిగిన మనిషి. అతను వెనక్కి తిప్పి పట్టుకుని దింపితే కుర్చీ బుద్ధిగా దిగేది. ఒకరోజు అతనికి స్లాబ్ పని పడింది. నేను తీసుకెళ్తానన్నాను. నాకేం తెలుసు! కుర్చీని ముఖం వీధివైపు పెట్టి దించడం మొదలుపెట్టాను. రెండడుగులు వేశానో లేదో, కుర్చీ నన్ను ఈడ్చుకుపోయింది. చెప్పు జారింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను, పిడులు చేతిలోంచి జారిపోయాయి. కుర్చీ వెళ్ళి గేటుకు గుద్దుకుంది. వదిన ముందుకు ఎగిరి, చేయి నేలకు ఆన్చి పడింది.

కుడి మణికట్టు విరిగింది.

మోచేతి దాకా కట్టు వేసి పంపారు. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "వదినా, నీ కంటికి పావంగుళం తేడా కనబడుతుంది కదా! ఆ ర్యాంపు గోడలా లేచి ఉందని నీకు తెలీదా? ఎందుకు బాగుందన్నావు?"

ఆమె కట్టు కట్టిన చేతినే చూసుకుంటూ, "తెలుసే" అంది. "అడుగు పొడవుకి మూడంగుళాలు లేపాడు. స్కూటర్‌కి సరిపోద్ది. నేనెక్కేది కాదని చూడగానే తెలిసింది."

"మరి నోరెందుకు మెదపలేదు?"

"నాలుగు నెలల్లో నేను లేస్తానని వేశాడే అది. నాలుగు నెలలకి ఇది చాలు అనుకున్నాడు. చాలదని చెప్తే, ఎన్నాళ్ళకని చెప్పమంటావు?"

నేను ఆమె కట్టు కింద దిండు సర్దాను.

కుడిచేయి పోయాక కుర్చీ తిప్పుకోవడం పోయింది, గొట్టం పెట్టుకోవడమూ పోయింది. ఆ పని నా మీద పడింది. స్కూలుకు వెళ్ళే ముందు ఒకసారి, మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. నాకేం కష్టం కాదని ఎన్నిసార్లు చెప్పానో! ఆమె మాత్రం అంతసేపూ గోడవైపు ముఖం తిప్పుకునేది. పదిమంది మగవాళ్ళ మధ్య, చీర బిగించి, ఎవడైనా వెకిలిగా మాట్లాడితే తాపీ చూపించి నోరు మూయించిన మనిషి. కొన్నాళ్ళకు గమనించాను, గొట్టంలోంచి వచ్చేది తగ్గుతోంది, రంగు ముదురుతోంది. వదిన నీళ్ళు తాగడం మానేసింది. దాహం లేదంటుంది, తర్వాత తాగుతానంటుంది. కసిరితే ఒక గుక్క తాగి, నేను అటు తిరగ్గానే మిగిలింది మంచం పక్క పూలకుండీలో పోసేది. ఆ కుండీలో మొక్క మాత్రం ఏపుగా పెరిగింది, మాయదారి మొక్క.

తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, పళ్ళు టకటకా కొట్టుకునే వణుకు. ఒళ్ళు పేలిపోతోంది. మాట తడబడి ఏదో కట్టుబడి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది, "మూల తియ్యి, మూల తియ్యి" అంటూ. అన్నయ్య ఆమెను భుజాన వేసుకుని ఆ దిక్కుమాలిన ర్యాంపు మీదుగానే పరుగెత్తాడు.

ఆసుపత్రిలో ఈసారి ఒక పెద్ద డాక్టరమ్మ చూసింది. అన్నయ్యను, నన్ను గదిలోకి పిలిచి కూర్చోమంది. "ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోయింది. ఈసారికి గట్టెక్కిస్తాం. నీళ్ళు తాగకుండా ఇలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. ఎన్నోసారి గట్టెక్కించలేమో నేను చెప్పలేను" అంది.

"కాళ్ళు వచ్చేస్తే ఈ గొడవ ఉండదు కదండీ" అన్నాడు అన్నయ్య.

ఆవిడ రిపోర్టు అతని ముందుకు జరిపింది. "రావు. వెన్నుపాము తెగిపోయింది. ఈ మాట మీకు ముందే చెప్పి ఉండాల్సింది."

"మీరెవరండీ చెప్పడానికి! ముందు డాక్టరు చూద్దామన్నాడు!" అని అరిచాడు. వరండా అంతా మావైపు చూసింది. నేను చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. గోడకు చేరగిలబడి, "చూద్దామన్నాడే, నువ్వూ విన్నావుగా" అని నన్నే అడగడం మొదలుపెట్టాడు. నాకు అంత జాలి ఎప్పుడూ వేయలేదు, అంత కోపమూ ఎప్పుడూ రాలేదు.

ఇంటికి పంపే ముందు ఫిజియోథెరపీ అమ్మాయి ఇల్లు చూడ్డానికి వచ్చింది. చేతిలో టేపు, నోట్లో మాట, రెండూ చురుకే. వచ్చీరాగానే ర్యాంపు దగ్గర ఆగి, "ఇది ఎవరు వేశారు?" అంది. నేను అన్నయ్య వైపు చూశాను.

"మేస్త్రిగారూ, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు ఉండాలండీ, కనీసం. మీకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. అంటే పద్దెనిమిది అడుగులు."

"నా వాకిలే తొమ్మిదడుగులమ్మా!"

"ఎదురుగా వద్దు, గోడ పక్కన పడుకోబెట్టండి. ఇంటి ముందు గోడ ఎంతుంది?"

ముప్ఫై అడుగులుంది. ఆ అమ్మాయి టేపు లాగి నేల మీద సుద్దతో గీసుకుంటూ పోయింది. పైన వసారా చివర అయిదడుగులు అటూ ఇటూ సమతలం, అక్కడ ఆగి తలుపు తీసుకోవడానికి. అక్కణ్ణుంచి గోడ వెంబడి పద్దెనిమిది అడుగుల వాలు. కింద మళ్ళీ అయిదడుగులు చదును, తిరగడానికి. వెడల్పు మూడున్నర, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు, చక్రం జారిపోకుండా అంచున నాలుగంగుళాల గట్టు. లోపలికొచ్చి బాత్రూమ్ చూసింది. నాలుగుకి ఆరు. నీళ్ళు బయటికి రాకుండా నేల రెండంగుళాలు దించి ఉంది.

"తలుపు తెరిచాక కనీసం ముప్ఫై రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. ముప్ఫై ఆరైతే హాయి. నేల దిగుడు ఉండకూడదు. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి అయిదడుగుల చోటు కావాలి. కమోడ్ పక్కన కుర్చీ ఆన్చుకుంటే అక్క చేతులమీద జరిగి కూర్చుంటుంది. దాని ఎత్తు కుర్చీ సీటంత ఉండాలి." పక్క గోడను వేళ్ళతో తట్టింది. "దీని వెనకేముంది?"

"సామాన్ల గది. నాలుగడుగులు" అన్నాను నేను.

"నాలుగంగుళాల గోడ. బరువు దీని మీద లేదు కదా? ఇది తీసేస్తే ఎనిమిదికి ఆరు వస్తుంది."

"తియ్యను" అన్నాడు అన్నయ్య.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కూడా అదే మాట. గోడ ఎందుకు తియ్యవని అడిగితే తలుపు ధడాలున వేసి బయటికి పోయేవాడు. వదినను ఇంటికి తెచ్చాక కూడా సుద్ద గీతలు వాకిట్లో అలాగే ఉన్నాయి. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచేవాడు, నేను చూశాను. ఇక నావల్ల కాలేదు. ఒకరోజు పొద్దున్నే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"చెప్పి కదులు. నీ పెళ్ళాం కన్నా ఆ గోడ ఎక్కువా నీకు?"

"అది పగలగొడితే ఒప్పుకున్నట్టే కదే!" అని గొంతు చించుకున్నాడు. "ఇంక లేవదని నా చేత్తో నేను రాసిచ్చినట్టే కదే!"

పడకగదిలోంచి వదిన అన్నీ వింటోంది. కుర్చీని ఎడమచేత్తో ఒక్క చక్రమే తోసుకుంటూ, ఒక పక్కకే తిరిగిపోతుంటే మళ్ళీ సరిచేసుకుంటూ, చెక్కకు గీసుకుంటూ బయటికొచ్చింది. సాయం పట్టబోతే కళ్ళతోనే వద్దంది. సరాసరి తలుపు లేని సామాన్ల గదిలోకి పోయింది. అక్కడ బాత్రూమ్ గోడకు ఆనించి అన్నయ్య పనిముట్ల సంచి ఉంది. వంగి అందులోంచి సుత్తి తీసింది. ఎడమచేత్తో గోడ మీద కొట్టింది. పెచ్చు కూడా ఊడలేదు. మళ్ళీ కొట్టింది. కుర్చీ వెనక్కి జరిగింది. చక్రాలకు బ్రేకు వేసుకుని మళ్ళీ కొట్టింది.

"వదినా, ఆగు!" అన్నాను.

"నేను నడవను మేస్త్రీ" అంది, గోడను కొడుతూనే. "ఆ కంకర మీద పడ్డప్పుడే నాకు తెలుసు. నీకోసమే ఆగా. ఇంక ఆగలేను. నాకు చావాలని లేదు. నీ గోడ నిలబెట్టుకోవాలంటే నిలబెట్టుకో, నేనుండను."

సున్నం పెచ్చు ఒకటి ఊడి ఆమె ఒళ్ళో పడింది. అన్నయ్య వచ్చి ఆమె చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. తీసుకుని, ఆమె కుర్చీని వెనక్కి లాగి, ముక్కలు తగలనంత దూరంలో పెట్టి బ్రేకు వేశాడు. మొదటి దెబ్బ వేసేటప్పుడు చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఆపలేదు గానీ.

గోడ పోయాక పని వదిన చేతిలోకి వెళ్ళింది. కుర్చీలోంచే మేస్త్రికి మేస్త్రి అయింది. నలభై అంగుళాల ద్వారబంధం పెట్టించింది. చెక్క పోను, తలుపు మందం పోను ఎంత మిగులుతుందో తెరిచి పట్టి కొలిపించాకే ఒప్పుకుంది. అన్నయ్య అలవాటు కొద్దీ తలుపును లోపలికి తెరుచుకునేలా బిగించబోతే కేకలేసింది.

"బయటికి తెరుచుకోవాలి మేస్త్రీ! లోపల కుర్చీ ఉంటే తలుపు ఎలా పడుద్ది? రేపు నేను పడిపోయానే అనుకో, నా నడుం మీదకే తలుపు తోస్తావా?"

"తోస్తే అరుస్తావుగా, తెలుస్తుంది."

"నడుం కింద తగిలితే అరవనయ్యా, తెలీదు నాకు" అంది. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకుని నవ్వాం. పాపిష్టి నవ్వు, కానీ చాలా రోజులకు వచ్చింది.

నేల ఎత్తు చేసి, హాలుతో సమానంగా తెచ్చి, నీళ్ళు తూముకు పోయేంత చిన్న వాలు ఉంచారు. జారని గరుకు టైల్స్ వేశారు. ఒక మూల లేచిందని పీకించి మళ్ళీ వేయించింది. వాకిట్లో పాత ర్యాంపును అన్నయ్యే పగలగొట్టి, సుద్ద గీతల మీద కొత్తది లేపాడు. అది తడారేనాటికి వదిన చేతి కట్టు విప్పారు. మొదటిసారి ఆమె తనంతట తాను చక్రాలు తిప్పుకుంటూ ఆ వాలు ఎక్కింది, సగంలో కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. నేను వెనక నడిచాను గానీ చేయి వెయ్యలేదు.

పైకొచ్చి సరాసరి లోపలికి పోయింది. కొత్త గుమ్మంలో రెండు చేతులూ చక్రాల మీద ఉంచుకునే, చెక్కకు తగలకుండా దూరింది. లోపల గుండ్రంగా తిరిగింది. మావైపు ఒకసారి చూసి, పిడి పట్టుకుని తలుపు లాక్కుంది. గడియ పడిన చప్పుడు వినబడింది.

నేను, అన్నయ్య బయట నిలబడ్డాం. అన్నయ్య తన చేతుల మీది సిమెంటు గోళ్ళతో గీరుకుంటున్నాడు. కాసేపటికి లోపల్నుంచి ఏదో మూలుగులాంటిది వచ్చింది. అది పెరిగి పెరిగి పెద్ద ఏడుపైంది. గుండెలవిసేలా ఏడుస్తోంది. అన్నయ్య ఉలిక్కిపడి పిడి అందుకున్నాడు.

"పడిపోయావా? లెవెలమ్మా! గడియ తియ్యి!"

"పడలేదు మేస్త్రీ" అంది లోపల్నుంచి, వెక్కుతూనే. "ఏడుస్తున్నా. ఇక్కడెవరూ లేరుగా. కాసేపు ఏడవనీ."

అన్నయ్య పిడి వదిలేశాడు. ఇన్ని నెలలుగా ఆమె కంట తడి చూడలేదని, ధైర్యం అనుకున్నామని, ఏడవడానికి కూడా ఆమెకు ఇంట్లో ఒక తలుపు లేదని నాకు అప్పుడు అర్థమైంది. అతన్ని చేయి పట్టుకుని వాకిట్లోకి పంపించాను. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆమె ఏడుపు మాకు వినబడకుండా పంపు తిప్పి గిన్నెలు తోముతూ నిలబడ్డాను.